ఎడమ బీజంలో నొప్పి, అమెరికాలో రాత్రి పూట ఎక్కడికి పోవాలి? ఇన్సూరెన్స్ కార్డు అర్థం కావట్లేదు

సుబేదారి_స్టూడెంట్
ఎంఎస్ కోసం వచ్చి రెండు నెలలైంది. ఇక్కడ టైమ్ రాత్రి 8:40. మధ్యాహ్నం నుంచి ఎడమ వైపు బీజం దగ్గర ఏదో బరువుగా ఉంది. లైబ్రరీలో కూర్చున్నప్పుడు 5:30కి ఒక్కసారిగా గట్టిగా నొప్పి మొదలైంది. అప్పటి నుంచి తగ్గలేదు. నడుస్తుంటే లాగుతోంది, కడుపులో తిప్పుతోంది. దెబ్బ ఏమీ తగల్లేదు.

కార్డు వెనక నర్సు నంబర్ ఉంటే ఫోన్ చేశాను. ఆడమనిషి గొంతు వినగానే నోరు రాలేదు, పొత్తికడుపు నొప్పి అని చెప్పాను. ఏం తిన్నావు, కుడి వైపా ఎడమ వైపా అని అడిగి, జ్వరం లేకపోతే రేపు పొద్దున అర్జెంట్ కేర్‌కి వెళ్ళమంది.

కార్డు మీద అర్జెంట్ కేర్ 40 డాలర్లు, ఎమర్జెన్సీ 150 డాలర్లు, డిడక్టిబుల్ 300 అని ఉంది. బయట చూపించుకోవాలంటే కాలేజీ హెల్త్ సెంటర్ నుంచి రిఫరల్ కావాలని కూడా ఉంది. హెల్త్ సెంటర్ సోమవారం దాకా మూసే ఉంటుంది. ఎమర్జెన్సీకి పోతే వేలల్లో బిల్లు వస్తుందని రూమ్మేట్లు భయపెడుతున్నారు. దగ్గర్లో ఒక అర్జెంట్ కేర్ 9 దాకా ఉంది. ఇంట్లో చెప్పలేదు. ఏం చేయాలి?

కాజీపేట_జంక్షన్
ఎమర్జెన్సీకి మాత్రం పోవద్దు తమ్మీ. నేను పోయినేడు జ్వరంతో పోతే ఆరు గంటలు కూర్చోబెట్టి, రెండు మాత్రలిచ్చి 2,400 డాలర్ల బిల్లు పంపారు. అర్జెంట్ కేర్ ఇంకా తెరిచే ఉంది కదా, అక్కడికి పో. బట్టలో ఐస్ చుట్టి పెట్టుకో, ఐబుప్రోఫెన్ వేసుకో, బిగుతైన లోదుస్తులు వేసుకో. ఎక్కువసేపు కూర్చుంటే ఇలాంటి నొప్పి నాకూ వచ్చింది, రెండు రోజుల్లో పోయింది.

ధర్మారం_బావ
ఇన్సూరెన్స్ సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా అమ్మానాన్న డిసెంబర్‌లో వస్తున్నారు, నాన్నకు షుగర్ ఉంది. వాళ్ళకు ఇక్కడ తీసుకోవాలా, వరంగల్‌లోనే తీసుకోవాలా?

ఎంజీఎం_పాతబ్యాచ్
ధర్మారం గారూ, అది వేరే దారం పెట్టి అడగండి. ఇక్కడ పిల్లవాడికి టైమ్ నడుస్తోంది.

తమ్ముడూ, నేను సర్జన్‌ని, హన్మకొండలో ప్రాక్టీస్. నేరుగా చెప్తున్నా. అర్జెంట్ కేర్ వద్దు, ఎమర్జెన్సీ ఉన్న హాస్పిటల్‌కి వెళ్ళు. కారణం డబ్బు కాదు, మిషన్. నీకు ఇప్పుడు కావాల్సింది డాప్లర్ స్కాన్, అంటే బీజానికి రక్తం పోతోందా లేదా చూసే అల్ట్రాసౌండ్. చాలా అర్జెంట్ కేర్లలో రాత్రి పూట అది ఉండదు. వాళ్ళు నిన్ను చూసి, చివరికి హాస్పిటల్‌కే పొమ్మంటారు. ఆ 40 డాలర్లూ పోతాయి, గంట సమయమూ పోతుంది.

గంట గురించి ఎందుకు అంటున్నానంటే, బీజం ఒక తాడుకు వేలాడుతూ ఉంటుంది, రక్తనాళాలు ఆ తాడులోనే ఉంటాయి. అది మెలిపడితే రక్తం ఆగిపోతుంది. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు మెలిక విప్పితే బీజం ఎక్కువ సార్లు దక్కుతుంది. ఆ తర్వాత గంట గంటకూ అవకాశం తగ్గుతుంది. ఒక రోజు దాటితే చాలా వరకు తీసేయాల్సిందే. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల్లో ఎక్కువ, కానీ ఇరవైల్లో ఉన్నవాళ్ళకూ నేను చేశాను.

నీది అదే అని నేను అనడం లేదు, ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. ఫోన్‌లో నేను తేల్చలేను, చేత్తో పట్టుకుని చూసిన డాక్టర్ కూడా ఒక్కోసారి తేల్చలేడు. నీకు గట్టిగా మొదలైంది 5:30కి కదా, ఆరు గంటలంటే 11:30, దానికి చాలా ముందే స్కాన్ అయిపోవాలి అనుకుని బయల్దేరు. ఇక ఏమీ తినకు, తాగకు. ఆపరేషన్ అవసరమైతే ఖాళీ కడుపు కావాలి.

సుబేదారి_స్టూడెంట్
అక్కా, మీరు చెప్పేలోపే ఐబుప్రోఫెన్ ఒకటి వేసుకున్నా. ఇప్పుడు కొంచెం తగ్గినట్టుంది. అయినా వెళ్ళాలా?

ఎంజీఎం_పాతబ్యాచ్
వెళ్ళాలి. మందు వల్ల తగ్గిందా, మెలిక దానంతట అదే విప్పుకుందా, రక్తం అందక స్పర్శ పోతోందా, ఈ మూడూ నీకు ఒకేలా అనిపిస్తాయి. తగ్గింది అని ఇంట్లో ఆగినవాళ్ళే మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్ళు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు భూపాలపల్లి వైపు నుంచి ఒక అబ్బాయిని మూడో రోజు తీసుకొచ్చారు. ఇంట్లో కడుపునొప్పి అని చెప్పాడు, ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ మందు ఇచ్చాడు. బీజం నల్లబడిపోయింది. వాడి తప్పు కాదు, ఆ మాట అమ్మతో అనలేకపోయాడు. నువ్వు నర్సుతో అనలేకపోయినట్టే.

పరకాల_పత్తి
అక్క చెప్పిన ఆ అబ్బాయి లాంటివాణ్ణే నేను. బీటెక్ రెండో ఏడాది, హాస్టల్‌లో రాత్రి 2కి మొదలైంది. పొద్దున చూద్దాం అన్నారు ఫ్రెండ్స్. నాకూ సిగ్గు. 11 గంటలకు హాస్పిటల్‌కి చేరాను. కుడి వైపుది తీసేశారు, రెండోది మెలిపడకుండా కుట్టారు. ఇప్పుడు పెళ్ళయింది, పాప ఉంది, జీవితానికి లోటేమీ లేదు. కానీ ఆ రాత్రి నన్ను ఆటో ఎక్కించే మనిషి ఒక్కడుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటా. తమ్మీ, లే. ఈ దారం తర్వాత చదువుకోవచ్చు.

రామగుండం_రాళ్ళు
కిడ్నీ రాయి కూడా ఇలాగే వస్తుంది. నాకు నడుము నుంచి గజ్జల దాకా, కింది దాకా పాకింది. నీళ్ళు బాగా తాగు. (నా పేరు చూసి అడగకండి, మూడుసార్లు వచ్చింది.)

ఎంజీఎం_పాతబ్యాచ్
రాయి నొప్పి కిందికి పాకడం నిజమే. కానీ రాయిలో నొప్పి వీపు పక్క నుంచి మొదలై దిగుతుంది, బీజాన్ని ముట్టుకుంటే అంతగా నొప్పి ఉండదు. ఇతనికి అక్కడే మొదలైంది. నీళ్ళు మాత్రం ఇప్పుడు వద్దు, ఎందుకో పైన చెప్పాను.

మంచిర్యాల_లక్ష్మి
నేను ఇక్కడ హాస్పిటల్ బిల్లింగ్‌లో తొమ్మిదేళ్ళ నుంచి పని చేస్తున్నా. డబ్బు భయం ఒక్క నిమిషం పక్కన పెట్టేందుకు కావాల్సినంత చెప్తా, మిగతాది తర్వాత.

రిఫరల్ రూల్ మామూలు అపాయింట్‌మెంట్లకు. కాలేజీ ప్లాన్లలో ఎమర్జెన్సీకి దాన్ని మినహాయిస్తారు, నీ ప్లాన్ పుస్తకంలో కూడా ఉంటుంది చూడు. హాస్పిటల్ నీ నెట్‌వర్క్‌లో, అంటే నీ ఇన్సూరెన్స్ వాళ్ళతో ఒప్పందం ఉన్నవాటిలో ఉందా అని ఇప్పుడు వెతకకు. 2022 జనవరి నుంచి ఉన్న చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో బయటి హాస్పిటల్ అయినా నీ వాటా నెట్‌వర్క్ లెక్కనే వేయాలి. డబ్బు కట్టలేవని తెలిసినా నిన్ను పరీక్ష చేయకుండా ఎమర్జెన్సీ వాళ్ళు పంపకూడదు, అది 1986 నుంచీ ఉంది. ఒక్కటే, రోడ్డు అంబులెన్స్ ఆ 2022 చట్టంలోకి రాదు. నీకు స్పృహ ఉంది, రూమ్మేట్‌కి కారు ఉంటే కారులో వెళ్ళు.

సుబేదారి_స్టూడెంట్
రూమ్మేట్ కారు తీస్తున్నాడు. 14 నిమిషాల దూరం. కౌంటర్‌లో ఏం చెప్పాలి? మళ్ళీ మాట రాకపోతే?

ఎంజీఎం_పాతబ్యాచ్
ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపించు, నోటితో చెప్పాల్సిన పని కూడా లేదు. "సడెన్ సివియర్ పెయిన్ ఇన్ మై లెఫ్ట్ టెస్టికల్, స్టార్టెడ్ ఎట్ 5:30 టుడే, ఐ ఫీల్ నాషియస్, నో ఇంజురీ." అంతే. స్టమక్ అనకు, గ్రోయిన్ అనకు, ప్రైవేట్ పార్ట్ అని కూడా అనకు. టెస్టికల్ అన్న మాట, మొదలైన టైమ్, ఈ రెండూ వింటే వాళ్ళు నిన్ను లైన్‌లో ముందుకు జరుపుతారు. మెలికని ఇంగ్లీషులో టోర్షన్ అంటారు, టోర్షన్ అని భయంగా ఉంది అని కూడా చెప్పు, తప్పేం లేదు. ఐబుప్రోఫెన్ ఎన్ని గంటలకు వేసుకున్నావో చెప్పు.

మంచిర్యాల_లక్ష్మి
అక్క చెప్పిన ఆ వాక్యానికి ఇంకో పని కూడా ఉంది. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ నర్సు నువ్వు చెప్పింది చెప్పినట్టు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. రేపు ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది ఎమర్జెన్సీనా అని అడిగితే ఆ నోటే సాక్ష్యం. తెలుగులో మాట్లాడతానంటే ఫోన్ మీద ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టమని అడుగు, దానికి చార్జీ ఉండదు.

కాజీపేట_జంక్షన్
సరే తమ్మీ, డాక్టరే చెప్పాక నేనేం అంటాను. చేరగానే ఒక మాట రాయి.

సుబేదారి_స్టూడెంట్
రాత్రి 1:50. రూమ్‌కి వచ్చాను. మెలిక కాదు.

జరిగింది జరిగినట్టు రాస్తా, ఇంకొకరికి పనికొస్తుంది. 9:20కి చేరాను. కౌంటర్‌లో ఫోన్ చూపించాను. ఆమె చదివి తలెత్తి నన్ను చూసి వెంటనే లోపలికి పంపింది. జ్వరంతో వచ్చినవాళ్ళు నా కన్నా ముందు నుంచి కూర్చుని ఉన్నారు. డాక్టర్ వచ్చి చూశాడు, తొడ లోపలి వైపు వేలితో గీసి బీజం పైకి జరుగుతుందా అని చూశాడు. యూరిన్ తీసుకున్నారు. 10:15కి స్కాన్. చేసిన అతను టవల్ కప్పి, ఏం చేయబోతున్నాడో ముందే చెప్పి చేశాడు. నేను ఊహించుకున్నంత ఇబ్బంది లేదు.

రక్తం బాగా పోతోంది, ఎడమ వైపు మామూలు కన్నా ఎక్కువగా పోతోంది అన్నారు. బీజం వెనక ఉండే గొట్టం వాచింది, ఎపిడిడిమైటిస్ అని రాశారు. తుంటికి ఒక ఇంజెక్షన్, రోజుకు రెండు పూటలా పది రోజులు వేసుకోవడానికి డాక్సీసైక్లిన్ ఇచ్చారు. ఇన్ఫెక్షన్ టెస్టు రిజల్ట్ రెండు రోజుల్లో ఆన్‌లైన్‌లో వస్తుందట.

రూమ్మేట్‌ని బయటికి పంపి కొన్ని వ్యక్తిగత ప్రశ్నలు అడిగారు. మొదట కోపం వచ్చింది, నన్ను ఏదో అనుమానిస్తున్నారని. తర్వాత నిజమే చెప్పాను.

ఎంజీఎం_పాతబ్యాచ్
మంచి పని చేశావు. ఆ ప్రశ్నలు నీ వయసు మగవాళ్ళందరినీ అడుగుతారు. 35 ఏళ్ళ లోపు వాళ్ళలో ఇది లైంగిక సంబంధం వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ, అందుకే ఆ ఇంజెక్షన్. అలాంటిదేమీ లేకుండా కూడా వస్తుంది. నీకు ఏది అన్నది ఇక్కడ రాయొద్దు, ఎవరూ అడగొద్దు. టెస్టు పాజిటివ్ వస్తే మాత్రం ఇంకొకరికి కూడా మందు అవసరం కావచ్చు, ఆ మాట హెల్త్ సెంటర్‌లో మాట్లాడు. నువ్వు పెద్దవాడివి, హాస్పిటల్ వాళ్ళు ఇంటికీ కాలేజీకీ చెప్పరు.

మందు పది రోజులూ పూర్తిగా వేసుకో. పడుకున్నప్పుడు కింద చుట్టిన టవల్ పెట్టి ఎత్తుగా ఉంచు. కాజీపేట చెప్పిన బిగుతు లోదుస్తులు, ఐస్ ఇప్పుడు పనికొస్తాయి. మూడు రోజుల్లో తేడా కనపడకపోతే మళ్ళీ చూపించుకో. గట్టితనం మాత్రం కొన్ని వారాలు ఉంటుంది, దానికి కంగారు పడకు.

కాజీపేట_జంక్షన్
ప్రమాదం లేనందుకు సంతోషం. కానీ ఒక మాట అడుగుతా. చివరికి మాత్రలతో పోయేదే కదా? అర్జెంట్ కేర్‌కి పోయి ఉంటే 40 డాలర్లతో అయ్యేది. ఇప్పుడు ఎంత వస్తుందో.

పరకాల_పత్తి
అన్నా, స్కాన్ అయ్యాక మాత్రలు అని తెలిసింది. స్కాన్‌కి ముందు ఎవరికి తెలుసు? నాకూ అప్పుడు పొద్దున్నే మాత్ర వేసుకుంటే పోయేదే అన్నారు.

కాజీపేట_జంక్షన్
నీ మాట కాదనను. నా 2,400 గుర్తొచ్చి అన్నా. స్టూడెంట్‌కి అది రెండు నెలల తిండి.

సుబేదారి_స్టూడెంట్
ఐదు వారాల తర్వాత మళ్ళీ వచ్చా. నొప్పి పోయింది. కానీ బిల్లు వచ్చింది, చేతులు వణుకుతున్నాయి. హాస్పిటల్, డాక్టర్, స్కాన్ చదివిన డాక్టర్, మూడూ వేరే వేరే కవర్లు. కలిపి 6,840 డాలర్లు. ఇన్సూరెన్స్ సైట్‌లో చూస్తే వాళ్ళు కట్టింది సున్నా. కాజీపేట అన్న చెప్పిందే నిజమైంది.

మంచిర్యాల_లక్ష్మి
ఆగు. ఏమీ కట్టకు. ఇన్సూరెన్స్ సైట్‌లో ఆ క్లెయిమ్ తెరిస్తే సున్నా పక్కన చిన్న కోడ్ ఉంటుంది, కింద దాని అర్థం రాసి ఉంటుంది. అది చదివి చెప్పు. ఎమర్జెన్సీ కాదు అని ఉందా, మెంబర్ నుంచి సమాచారం రావాలి అని ఉందా?

సుబేదారి_స్టూడెంట్
రెండోది. మెంబర్ నుంచి సమాచారం కోసం ఎదురు చూస్తున్నాం అని ఉంది.

మంచిర్యాల_లక్ష్మి
అనుకున్నా. నీకు ఇంతకు ముందు ఒక ఉత్తరం వచ్చి ఉంటుంది. ఇది ప్రమాదంలో తగిలిన దెబ్బా, పని చేసే చోట జరిగిందా, నీకు ఇంకో ఇన్సూరెన్స్ ఉందా అని అడుగుతారు. వేరే ఎవరైనా కట్టాల్సి ఉంటే వాళ్ళ మీద వేయడానికి. చాలా మంది పిల్లలు ప్రకటన కాగితం అనుకుని పడేస్తారు. జవాబు రాకపోతే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది, హాస్పిటల్ కంప్యూటర్ మొత్తం బిల్లు నీ పేరు మీదకు తిప్పేస్తుంది.

సుబేదారి_స్టూడెంట్
అవునక్కా, ఉంది. పిజ్జా కూపన్ల మధ్యలో దొరికింది. తెరవలేదు కూడా.

మంచిర్యాల_లక్ష్మి
కార్డు మీది నంబర్‌కి ఫోన్ చేసి ఆ ప్రశ్నలకు నోటితోనే జవాబు ఇస్తానని అడుగు. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. దెబ్బ కాదు, వేరే ఇన్సూరెన్స్ లేదు, క్లెయిమ్ మళ్ళీ నడపండి అని చెప్పు. మాట్లాడిన వాళ్ళ పేరు, కాల్ నంబర్ రాసుకో. తర్వాత ఆ మూడు బిల్లుల వాళ్ళకూ ఫోన్ చేసి, క్లెయిమ్ మళ్ళీ నడుస్తోంది, ఖాతా ఆపి పెట్టండి అని అడుగు. అడగకపోతే వసూలు వాళ్ళకు పంపే ప్రమాదం ఉంది.

గోదావరిఖని_జీ
నాకు వేరేలా జరిగింది. ఛాతీ నొప్పితో వెళ్తే చివరికి గ్యాస్ అని తేలింది. అది ఎమర్జెన్సీ కాదు, కట్టం అని ఉత్తరం వచ్చింది. కట్టేశాను. తప్పు చేశానా?

మంచిర్యాల_లక్ష్మి
అప్పీల్ చేయాల్సింది. చివరికి ఏ రోగం తేలింది అన్నది కాదు, ఆ లక్షణాలతో మామూలు మనిషి ప్రమాదం అనుకుంటాడా అన్నదే రూల్. ట్రయాజ్ నోట్ కాపీ జత చేసి పంపాలి. కాదన్న ఉత్తరం అందిన రోజు నుంచి 180 రోజులు టైమ్ ఉంటుంది. ఇంకా దాటకపోతే ఇప్పుడైనా పంపండి. కట్టేసినంత మాత్రాన ఆ హక్కు పోదు.

సుబేదారి_స్టూడెంట్
ఇంకో మూడు వారాలు. క్లెయిమ్ మళ్ళీ నడిచింది. 6,840లో ఇన్సూరెన్స్ వాళ్ళ ఒప్పందం ప్రకారం లెక్కలోకి వచ్చింది 3,100 మాత్రమే. అందులో ఎమర్జెన్సీ కోపే 150 నాది. మిగిలిన 2,950లో వాళ్ళు కట్టడం మొదలుపెట్టే ముందు నేనే కట్టాల్సిన డిడక్టిబుల్ 300 నాది. మిగిలిన 2,650లో నూటికి 20 చొప్పున 530 నాది. మొత్తం 980. మిగతాది వాళ్ళు కట్టారు.

కాజీపేట అన్నా, 40 కాదు నిజమే. కానీ ఆ రాత్రి నాకు కావాల్సిన స్కాన్ 40 డాలర్ల చోట లేదు.

కాజీపేట_జంక్షన్
ఒప్పుకుంటున్నా తమ్మీ. 980 కూడా తక్కువేం కాదు, అది మాత్రం మార్చుకోను.

మంచిర్యాల_లక్ష్మి
తక్కువ కాదు, అందుకే ఇంకో మెట్టు ఉంది. ఆ హాస్పిటల్ లాభం కోసం నడపనిదైతే ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు బిల్లు తగ్గించే పాలసీ ఉండి తీరాలి. మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల దాకా అప్లికేషన్ తీసుకుంటారు. నీ బ్యాంకు స్టేట్‌మెంట్, ఐ-20 అడగొచ్చు. స్టూడెంట్ వీసా వాళ్ళకు ఇస్తారా అన్నది ఒక్కో హాస్పిటల్ ఒక్కోలా రాసుకుంటుంది. ఈలోపు వడ్డీ లేకుండా నెలవారీ కట్టే ఏర్పాటు అడుగు.

సుబేదారి_స్టూడెంట్
అప్లికేషన్ పెట్టాను, జవాబు రాలేదు. అప్పటిదాకా నెలకు 60 డాలర్లు ఒప్పుకున్నారు.

హుజూరాబాద్_హెచ్
నాది కాలేజీ ప్లాన్ కాదు. ఖర్చు తక్కువని ఇండియాలో ట్రావెల్ టైప్ పాలసీ కొనుక్కుని వచ్చా. ఈ రూల్స్ నాకూ వర్తిస్తాయా? నాకు నాలుగు నెలల నుంచి కింద సన్నగా నొప్పి, కూర్చుంటే ఎక్కువ.

మంచిర్యాల_లక్ష్మి
వర్తించకపోవచ్చు. ఆ పాలసీలు చాలా వరకు ఇక్కడి చట్టం కింద ఉండవు, రాకముందు నుంచి ఉన్న జబ్బు అని కూడా తోసేస్తాయి. నొప్పి ఇక్కడికి వచ్చాక మొదలైందా, ముందా? పాలసీలో ఆ పేజీ ఫోటో పెట్టు, కంపెనీ పేరు కొట్టేసి. చూసి చెప్తా.

ఎంజీఎం_పాతబ్యాచ్
నాలుగు నెలల సన్న నొప్పికి ఎమర్జెన్సీ అక్కర్లేదు, ఈ వారంలో హెల్త్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకో. గడ్డలాంటిది చేతికి తగిలితే ఇంకా ముందే. ఒకవేళ ఎప్పుడైనా అది ఒక్కసారిగా పెరిగితే మాత్రం సుబేదారి వాడి రాత్రి లెక్కే నీకూ. యూరిన్‌లో మంట ఉందా, ఎంతసేపు కూర్చుంటున్నావు, అవి రాయి.

హుజూరాబాద్_హెచ్
మంట లేదు. రోజుకు పది గంటలు కూర్చుంటా. నేను ఇక్కడికి వచ్చిన నెలకు నొప్పి మొదలైంది, పేజీ ఫోటో రాత్రికి పెడతా.